గర్భిణికి షుగరు ఎంత ఉండాలి, ఎన్నిసార్లు చూసుకోవాలి?

మధుమేహం ఉన్న గర్భిణికి పరగడుపున రక్తంలో చక్కెర డెసిలీటరుకు 95 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. తిన్న తర్వాత గంటకు చూస్తే 140 లోపు, రెండు గంటలకు చూస్తే 120 లోపు ఉండాలి. ఈ రెండింటిలో డాక్టరు చెప్పిన ఒక సమయాన్నే రోజూ పాటిస్తే చాలు.

మామూలు మధుమేహ రోగులకు పెట్టే హద్దుల కంటే ఇవి తక్కువ. తల్లి రక్తంలోని గ్లూకోజు మాయ దాటి బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం చేరదు. ఎక్కువగా వచ్చిన చక్కెరకు తగ్గట్టు బిడ్డే ఎక్కువ ఇన్సులిన్ తయారు చేసుకుంటుంది. దానివల్ల కడుపులో బరువు పెరుగుతుంది. పుట్టాక తల్లి నుంచి చక్కెర రావడం ఆగిపోగానే బిడ్డకు షుగరు పడిపోవచ్చు.

సాధారణంగా రోజుకు నాలుగుసార్లు చూసుకోవాలి: లేవగానే పరగడుపున, టిఫిను, మధ్యాహ్న భోజనం, రాత్రి భోజనం తర్వాత ఒక్కోసారి. భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకునేవారు అప్పుడు, పడుకునే ముందు కూడా చూడాల్సి రావచ్చు. ఆహార నియమంతోనే అంకెలు నిలకడగా ఉంటే పరీక్షలు తగ్గించాలా వద్దా అన్నది డాక్టరే నిర్ణయిస్తారు.

గంట లెక్క మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి మొదలవుతుంది, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు. వేలు గుచ్చే ముందు సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకోవాలి. పండు కోసిన చేత్తో చూస్తే మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుంది.

ఉదాహరణకు, ఏడో నెల గర్భిణికి పరగడుపున 88, నాలుగు ఇడ్లీలు తిన్న గంటకు 158, మిగతా రెండు పూటల తర్వాత 130 లోపు వస్తున్నాయనుకుందాం. అంటే చిక్కు టిఫినుతోనే. ఉదయం పూట ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం గర్భిణుల్లో మామూలే. ఇడ్లీలు రెండుకు తగ్గించి, ఉడికించిన గుడ్డు చేర్చి, మిగతా ఆహారాన్ని పదకొండు గంటలకు తీసుకుంటే ఆ అంకె దిగవచ్చు. అలా కాకుండా భోజనాల తర్వాత బాగానే ఉండి, పరగడుపున మాత్రం 98, 101, 99 వస్తుంటే తిండి తగ్గించినంత మాత్రాన అది సాధారణంగా లొంగదు. రాత్రిపూట ఇన్సులిన్ అవసరం కావచ్చు. ఒక్క రోజు హద్దు దాటితే మందు మార్చరు. తేదీ, తిన్నది, అంకె రాసిన పుస్తకంలో అదే తీరు మళ్లీ మళ్లీ కనిపిస్తే మారుస్తారు.

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి ఈ పరీక్షలకు బదులు కాదు. గర్భంలో ఎర్ర రక్తకణాలు త్వరగా మారిపోతుండటంతో అది తక్కువగా కనిపిస్తుంది. ఏ పూట షుగరు పెరిగిందో చెప్పదు.

ఇన్సులిన్ వాడేవారికి కింది హద్దు 70. చెమట, వణుకు, గుండెదడ ఉండి అంతకంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూడాలి. అప్పటికీ 70 దాటకపోతే మరోసారి తాగాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.