మోటారు నిదానం, కరెంటు తొందర

డీసీ మోటారుకు స్విచ్ వేయగానే రెండు మార్పులు మొదలవుతాయి. వైండింగ్‌లో కరెంటు క్షణంలో పుంజుకుంటుంది, బరువైన రోటార్ మాత్రం నిదానంగా వేగం అందుకుంటుంది. మొదటిదాని టైమ్ కాన్‌స్టంట్ 1 మిల్లీసెకను, రెండోదానిది 1 సెకను అనుకుందాం. ఇలాంటి వ్యవస్థనే ఇంజనీర్లు ‘స్టిఫ్’ అంటారు.

కరెంటు కుదురుకున్నాక రోటార్ వేగమే చూడాలి కదా, 5 మిల్లీసెకన్ల స్టెప్ చాలదా? మామూలు ఆయిలర్ పద్ధతిలో చాలదు. వేగవంతమైన భాగంలో మిగిలిన చిన్న దోషం ప్రతి స్టెప్‌లో 1 − 5, అంటే −4తో గుణించబడుతుంది. పది స్టెప్పుల్లో అది పది లక్షల రెట్లు దాటిపోతుంది. గ్రాఫ్‌లో కరెంటు స్టెప్ స్టెప్‌కీ ప్లస్, మైనస్‌ల మధ్య ఊగుతూ పెరిగితే తప్పు మోటారుది కాదు, స్టెప్‌ది. ఇక్కడ హద్దు 2 మిల్లీసెకన్లు. చూడదలచినది నిదానమైన భాగమే అయినా, హద్దు పెట్టేది చచ్చిపోయిన వేగవంతమైన భాగమే!

బ్యాక్‌వర్డ్ ఆయిలర్ పద్ధతి తర్వాతి క్షణపు విలువనే సమీకరణంలో పెట్టి సాధిస్తుంది. అదే 5 మిల్లీసెకన్లకు దోషం ఆరో వంతుకు తగ్గుతుంది. ప్రతి స్టెప్‌లో మ్యాట్రిక్స్ సమీకరణం సాధించాలి, అయినా లాభమే. మ్యాట్‌ల్యాబ్‌లో `ode45` నత్తనడక నడిస్తే `ode15s` వాడిచూడమనేది ఇందుకే.

ఒక్క జాగ్రత్త. స్థిరంగా ఉన్న జవాబు సరైనదే కానక్కర్లేదు. స్విచ్ వేసిన తొలి క్షణాల్లో కరెంటు ఎలా ఎగసిందో చూడాలంటే, ఏ పద్ధతికైనా అక్కడ 0.1 మిల్లీసెకను స్థాయి స్టెప్ తప్పదు. ఆపైన స్టెప్‌ను సగం చేసి మళ్లీ నడపండి. గ్రాఫ్ కదిలితే ఆ స్టెప్ ఇంకా పెద్దదే.