పైన మాడింది, లోపల పచ్చి: ఎందుకు?

జగిత్యాల హాస్టల్లో ఉండే సిరిసిల్ల కుర్రాడు మొదటిసారి చేపలు వేయించాడు. ఐస్‌లోంచి అప్పుడే తీసిన రవ్వ ముక్కలు, ఒక్కోటి రెండు వేళ్ల మందం. పొగలొస్తున్న నూనెలో వేయగానే కారం నల్లబడింది. తుంచి చూస్తే కండ గాజులా మెరుస్తూ ముల్లును వదలడం లేదు.

“పొయ్యి ఫుల్లు పెడితే పైననే మాడుతది తమ్మీ,” అన్నాడు కోరుట్ల సీనియర్.

ఎందుకలా? పొగలొచ్చే నూనె వేడి 200 డిగ్రీల పైమాటే. పైన పట్టించిన కారం పలుచని పూత; అందులో తడి ఆరిపోగానే మాడుతుంది. లోపలి కండ నిండా నీరే కాబట్టి అక్కడ వేడి 100 డిగ్రీలు దాటదు, పైగా నెమ్మదిగా పాకుతుంది. మందం రెట్టింపైతే నడిమి దాకా వేడి చేరడానికి సుమారు నాలుగింతల సమయం కావాలి. చల్లటి ముక్కకు ఇంకా ఎక్కువ.

మరుసటి ఆదివారం కుర్రాడు ఒక వేలి మందం ముక్కలు కొట్టించాడు. చల్లదనం పోయాక తడి తుడిచి, మసాలా పట్టించాడు. నూనె కాగాక సెగ మధ్యస్థానికి తగ్గించి, ఒక్కో వైపు నాలుగు నిమిషాలు కదపకుండా ఉంచాడు. పుల్లతో గుచ్చితే కండ తెల్లగా, పొరలు పొరలుగా ముల్లును వదిలింది.