రిక్రూటరుకు రాసే ఆ నాలుగు వాక్యాలు

ఉద్యోగం వెతుక్కునే మన యువతీయువకులు రిక్రూటర్లకు పంపే సందేశాలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. గుంటూరుకు చెందిన ఒక యువతి వాట్సాప్‌లో పంపినదనుకుని ఇలాంటి సందేశాన్ని చూద్దాం. ఆమె బి.కాం. చదివింది, ఒక ఆడిటర్ కార్యాలయంలో రెండేళ్లు పనిచేసింది.

“హాయ్ సార్, గుడ్ మార్నింగ్. ఏమైనా జాబ్స్ ఉన్నాయా సార్? నేను బి.కాం. చేశాను. ఏ పనైనా చేస్తాను. అబ్బాజాన్‌కి ఆరోగ్యం బాగాలేదు, ఇంట్లో చాలా ఇబ్బందిగా ఉంది. ప్లీజ్ సార్, కాస్త చూడండి, అర్జెంట్.”

దీనికి ‘రెజ్యూమ్ ఫైనల్ 2’ అనే ఫైలు జతచేసింది. మర్నాడు రెండు ప్రశ్నార్థకాలు పంపింది. ఆ సాయంత్రం ఒక మిస్డ్ కాల్. మూడో రోజున “రిప్లై ఇవ్వండి సార్” అని రాసింది. అవతలివైపు ఉన్నది మహిళ అన్న సంగతి ప్రొఫైల్ తెరిచి చూస్తే తెలిసేది.

ఈ అమ్మాయి రాసినదానిలో అబద్ధం లేదు, అమర్యాద అంతకన్నా లేదు. మరి జవాబు ఎందుకు రాదు? రిక్రూటర్ చేసే పని ఏమిటో తెలిస్తే ఇది అర్థమవుతుంది. ఆమె మనకోసం ఉద్యోగం వెతికే వ్యక్తి కాదు, తన చేతిలో ఉన్న ఉద్యోగం కోసం మనిషిని వెతికే వ్యక్తి. ఆమెకు జీతమిచ్చేది కంపెనీయే. తగిన అభ్యర్థి కనబడగానే, ఆ విభాగాధిపతికి “ఈ అమ్మాయిని చూడండి” అని పంపాలి. కాబట్టి సందేశాన్ని పరీక్షించడానికి నేను ఒకే కొలమానం వాడతాను: రిక్రూటర్ దీనిని ఒక్క ముక్క మార్చకుండా పై అధికారికి పంపగలదా? పై సందేశాన్ని పంపలేదు. “ఏ పనైనా చేస్తాను” అన్న మాటలో మనకు వినయం కనబడుతుంది. చదివే వారికి మాత్రం, ఈమెకు ఏ పని వచ్చో తామే ఆరా తీయవలసిన భారం కనబడుతుంది.

ఆ యువతికి నిజంగా ఏమి వచ్చో అడిగి రాబడితే సందేశం దానంతట అదే మారుతుంది. పన్నెండు మంది వ్యాపారుల ఖాతాలను ట్యాలీలో రాసేది. వారి జీఎస్టీ రిటర్నులు తానే దాఖలు చేసేది. జీఎస్టీఆర్-1ను నెలలో 11వ తేదీలోగా, జీఎస్టీఆర్-3బిని 20వ తేదీలోగా ముగించేది. తండ్రి అనారోగ్యం కారణంగా ఉద్యోగం మాని ఎనిమిది నెలలైంది. మొదటి సందేశంలో వీటిలో ఒక్కటీ లేదు, ఇంటి ఇబ్బంది మాత్రమే ఉంది.

రాసిన తీరు మార్చి, ఈమెయిల్‌గా పంపితే ఇలా ఉంటుంది. సాధారణంగా దీనిని ఆంగ్లంలోనే పంపవలసి వస్తుంది. ఇక్కడ భావం తెలుగులో ఇస్తున్నాను.

విషయం: అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్, హైదరాబాద్ – జీఎస్టీ, ట్యాలీలో రెండేళ్ల అనుభవం – వెంటనే చేరగలను

“నమస్కారం మేడమ్. హైదరాబాదులో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగానికి మీరు గురువారం ఇచ్చిన ప్రకటన చూసి రాస్తున్నాను. గుంటూరులో ఒక ఆడిటర్ కార్యాలయంలో రెండేళ్లపాటు పన్నెండు మంది వ్యాపారుల ఖాతాలను ట్యాలీలో నిర్వహించి, ప్రతినెలా వారి జీఎస్టీ రిటర్నులు దాఖలు చేశాను. తండ్రిగారి అనారోగ్యం వల్ల ఎనిమిది నెలలు విరామం తీసుకున్నాను. ఇప్పుడు వెంటనే చేరగలను, హైదరాబాదుకు రావడానికి సిద్ధంగా ఉన్నాను. రెజ్యూమె జతపరిచాను. ఈ ఉద్యోగానికి నా అనుభవం సరిపోతుందని భావిస్తే, ఫోనులో మాట్లాడటానికి మీకు వీలైన సమయం తెలుపగలరు.”

తండ్రి అనారోగ్యం ఇందులోనూ ఉంది. మొదటి సందేశంలో అది జాలి కోసం చేసిన విన్నపం, ఇక్కడ రెజ్యూమెలో కనబడే ఖాళీకి సమాధానం. ఆ ఖాళీని దాచినంత మాత్రాన అది మాయం కాదు, మొదటి ఫోను సంభాషణలోనే ఆ ప్రశ్న వస్తుంది. పైగా నోటీసు గడువు లేకుండా వెంటనే చేరగల అభ్యర్థి కావడం ఆమెకు అనుకూలాంశం. చాలామందికి అది ముప్పై నుండి తొంభై రోజుల వ్యవహారం.

వాట్సాప్‌లోనే పంపవలసి వస్తే మొదటి వాక్యంలోనే ఉద్యోగం పేరు, అనుభవం రావాలి. తెరమీద నోటిఫికేషన్‌లో కనబడేది ఆ మొదటి ముక్కే. ఒంటరి “హాయ్” పంపి జవాబు కోసం ఎదురుచూడటం రోజులు పోగొట్టుకోవడమే. ఫైలుకు ‘ఫైనల్ 2’ అనికాక, తన పేరు, ఉద్యోగం పేరు పెడితే వందల ఫైళ్ల మధ్య అది దొరుకుతుంది. సంబోధన సంగతి కూడా చెప్పాలి. మనవారి పేరు కనబడగానే “భాయ్” అని మొదలుపెట్టే అలవాటు కొందరికి ఉంది. పరిచయమున్న వ్యక్తికి సలాం చెప్పి రాయడం సహజమే. కానీ ఆ సందేశం పై అధికారి దాకా వెళ్లవలసినది గనుక, “భాయ్”, “ఆపా” మాటలు మొదటి పరిచయ లేఖలో లేకుంటేనే మేలు.

దీనికి వ్యతిరేకమైన దోషం మరొకటి ఉంది. కొందరు పెద్దలు పిల్లల సందేశాన్ని సరిదిద్దబోయి, “తమ దివ్యసముఖమునకు సవినయంగా విన్నవించుకొనుచున్నాను” అన్న ధోరణిలోని అర్జీగా మారుస్తారు. అది పాత కార్యాలయాల దరఖాస్తు భాష. అందులో వినయం పెరుగుతుంది, సమాచారం పెరగదు.

ఇంకొందరు గొప్పలు చేరుస్తారు. పై సందేశంలో “జీఎస్టీలో నిపుణురాలిని” అని రాసి ఉంటే, ఇంటర్వ్యూలో తప్పకుండా జీఎస్టీఆర్-2బిని కొనుగోళ్ల పద్దుతో ఎలా సరిపోల్చుతారని అడుగుతారు. ఆ పని ఆమె చేసి ఉంటే దానినే ఒక వాక్యంగా రాయాలి, చేయకుంటే ఆ ఊసే వద్దు. సందేశంలోని ప్రతి మాటకు ఎదురు ప్రశ్న వేసి చూసుకుని, జవాబు లేని మాటను కొట్టివేయాలి. ఇంట్లో అన్నయ్యో, పిన్నో ఎదురుగా కూర్చుని ఆ ప్రశ్నలు వేస్తే మరీ మంచిది.

ఇక గుర్తుచేసే సందేశం. మర్నాడే ప్రశ్నార్థకాలు పంపడం తగదు. ఐదు నుండి ఏడు పనిదినాలు ఆగి, పాత మెయిలుకే జవాబుగా రాయాలి. అప్పుడు మొదటి వివరాలు కిందనే ఉంటాయి, మళ్లీ చెప్పనక్కరలేదు.

“నమస్కారం మేడమ్. అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగం గురించి గత మంగళవారం రాశాను. ఆ ఎంపిక ఇంకా జరుగుతూ ఉన్నదా అని తెలుసుకోగోరుతున్నాను. పాత కార్యాలయపు అనుభవ ధ్రువపత్రం నిన్న అందింది, దానిని కూడా జతపరుస్తున్నాను.”

“నా మెయిల్ చూశారా?” అన్న ప్రశ్న కంటే “ఎంపిక ఇంకా జరుగుతూ ఉన్నదా?” అన్న ప్రశ్నకు జవాబివ్వడం తేలిక. మొదటి దానిలో నిలదీత ధ్వనిస్తుంది. రెండోదానికి అవుననో కాదనో ఒక్క మాట చాలు. కొత్తగా చెప్పడానికి ధ్రువపత్రం వంటిది లేకపోతే మొదటి రెండు వాక్యాలతో ఆపవచ్చు.

దానికీ స్పందన లేకపోతే మరో పది రోజులకు చివరిసారి రాయవచ్చు: “ఈ ఉద్యోగం భర్తీ అయి ఉంటుందని భావిస్తున్నాను. జీఎస్టీ, ఖాతాల పనికి సంబంధించిన ఖాళీలు మరేవైనా వచ్చినప్పుడు నన్ను గుర్తుంచుకోగలరు.” ఆ తరువాత ఆ ఉద్యోగం గురించి ఆ వ్యక్తికి రాయడం మానివేయాలి. జవాబు రాకపోవడానికి అభ్యర్థితో సంబంధం లేని కారణాలు అనేకం ఉంటాయి. లోపలివారికే ఆ పదవి దక్కవచ్చు, కంపెనీ నియామకాన్నే ఆపివేయవచ్చు. సందేశం ఎంత చక్కగా ఉన్నా వాటిని మార్చలేదు.

ఇంటర్వ్యూ జరిగినట్లయితే లెక్క వేరు. అదే రోజు లేదా మర్నాడు కృతజ్ఞతలు తెలుపుతూ రెండు వాక్యాలు రాయాలి. అందులో అక్కడ ప్రస్తావనకు వచ్చిన విషయం ఒకటి ఉండాలి: “మూడు శాఖల ఖాతాలను ఒకచోటికి తేవడం గురించి మీరు చెప్పారు. ఆడిటర్ కార్యాలయంలో రెండు దుకాణాలున్న వ్యాపారికి ఆ పని చేశాను.” శుక్రవారంలోగా నిర్ణయం చెబుతామని వారు అని ఉంటే, సోమవారం గడిచేదాకా ఆగి, మంగళవారం ఉదయం అడగవచ్చు.