సర్టిఫికెట్ అసలుదే... మరి అసలు?

ఏలూరులో ఒక లెక్కల టీచరమ్మ రిటైరయ్యారు. చేతికొచ్చిన డబ్బులో 10 లక్షలు పక్కన పెట్టారని తెలిసి, పాత విద్యార్థి ఒకడు వెతుక్కుంటూ వచ్చాడు. "మేడమ్, మా కంపెనీ ప్లాట్ల వ్యాపారం చేస్తుంది. 10 లక్షలు పెడితే నెలకు 20 వేలు మీ అకౌంట్లో పడతాయి. గవర్నమెంట్ రిజిస్ట్రేషన్ ఉంది, చూడండి" అంటూ సర్టిఫికెట్ ముందు పెట్టాడు.

నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునే అనుమతి ఉన్న కంపెనీలు కూడా 12.5 శాతానికి మించి ఇవ్వకూడదు. ఆవిడకు అక్కడే అనుమానం తగిలింది. "రెండు రోజులాగు నాయనా" అని పంపేశారు.

సర్టిఫికెట్ మీద 21 అక్షరాలు, అంకెల నంబరు ఉంది. అదే కంపెనీ గుర్తింపు నంబరు, CIN. మొదటి అక్షరం U అయితే ఆ కంపెనీ షేర్లు స్టాక్ ఎక్స్ఛేంజీలో లేనట్టు. మధ్యలో ఉన్న 2022 అది పుట్టిన సంవత్సరం. కరపత్రంలో మాత్రం "15 ఏళ్ల అనుభవం" అని ఉంది! సంవత్సరం పక్కన PTC అంటే ప్రైవేట్ లిమిటెడ్. కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేట్ కంపెనీ ఊళ్లోవాళ్ల దగ్గర డిపాజిట్లు వసూలు చేయకూడదు.

తర్వాత mca.gov.in తెరిచారు. కంపెనీ పేరు కొడితే ప్రాథమిక వివరాలు ఉచితంగానే కనిపిస్తాయి. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. 100 రూపాయలు కట్టి బ్యాలెన్స్ షీటు కూడా తెరిచారు. ఏడాది ఆదాయం 38 లక్షలు. అప్పుల వైపు "కస్టమర్ల అడ్వాన్సులు" 5 కోట్లు. ఆ 5 కోట్లకు 24 శాతం చొప్పున ఏటా కోటీ 20 లక్షలు ఇవ్వాలి. 38 లక్షల ఆదాయంలోంచి అదెలా వస్తుంది? కొత్తగా చేరినవాళ్ల డబ్బే పాతవాళ్లకు వడ్డీగా వెళుతుండాలి. డిపాజిట్ అంటే చట్టం అడ్డొస్తుంది కాబట్టి దానికి అడ్వాన్సు అని పేరు పెట్టారు.

చివరగా రిజర్వు బ్యాంకు నడిపే sachet.rbi.org.in లో వెతికారు. డిపాజిట్లు తీసుకునే అనుమతి ఉన్నవాటిలో ఈ కంపెనీ పేరు లేదు.

కంపెనీ రిజిస్టరైందంటే వ్యాపారం పెట్టుకోవచ్చని మాత్రమే అర్థం. జనం సొమ్ము సేకరించడానికి వేరే అనుమతి కావాలి. దాదాపు 32 లక్షల మంది డబ్బు ఇరుక్కున్న అగ్రిగోల్డ్ కూడా రిజిస్టరైన కంపెనీయే. పైగా బ్యాలెన్స్ షీటు కంపెనీ తానే రాసుకుని దాఖలు చేసే లెక్క. అందులో తప్పు దొరికితే దూరంగా ఉండొచ్చు గానీ, దొరకలేదని నమ్మేయలేం.

మూడో రోజు ఆ అబ్బాయి వచ్చాడు. ఆవిడ కాగితం మీద కోటీ 20 లక్షలు, దాని కింద 38 లక్షలు రాసి, "తీసివేత చెయ్యి" అన్నారు. అతను చేశాడు. తల ఎత్తలేదు.

"మీ నాన్న డబ్బు ఎంత పెట్టావురా?" అని అడిగారావిడ.