మంగ్నీ ఉంగరానికి దారంతో కొలత

పెళ్లికూతురు వేరే ఊళ్లో ఉంటే మంగ్నీ ఉంగరం సైజును ఫోన్‌లోనే తెప్పించుకోవచ్చు. సాగని సన్న దారాన్ని వేలి మొదట్లో ఒక చుట్టు చుట్టి, కలిసిన చోట రెండు కొసల మీదా పెన్నుతో గుర్తు పెట్టాలి. విప్పి స్కేలుపై పరిస్తే గుర్తుల మధ్య 54 మిల్లీమీటర్లు వచ్చాయనుకుందాం. అది చుట్టుకొలత. 3.14తో భాగిస్తే 17.2 మిల్లీమీటర్లు. ఇదే ఉంగరం లోపలి వ్యాసం. దుకాణంలో ఈ అంకె చెప్పాలి.

దారం 3 మిల్లీమీటర్లు వదులైతే వ్యాసం దాదాపు 1 మిల్లీమీటరు పెరిగి ఉంగరం జారిపోతుంది. అందుకే మూడుసార్లు కొలవాలి. చలికి వేళ్లు సన్నబడతాయి, కాబట్టి పొద్దున్నే కాకుండా సాయంత్రం కొలిస్తే మేలు. వేలి కణుపు లావుగా ఉంటే అక్కడా కొలిచి, రెండింటి మధ్య అంకె తీసుకోవాలి. లేదంటే ఉంగరం కణుపు దాటదు.