ముందు టిఫిన్ తిని రండి
(కాలేజీ రక్తదాన శిబిరానికి ముందురోజు విద్యార్థులకు చెప్పే మాటలు)

రేపటి శిబిరానికి పేరిచ్చినవాళ్లూ, ఇవ్వాలని ఉండీ వెనకాడుతున్నవాళ్లూ ఇక్కడ ఉన్నారు. ఎక్కువమంది అడిగేది ఒకటే: "కళ్లు తిరిగి పడిపోతే?" కొంతమందికి తిరుగుతాయి, అబద్ధం చెప్పను. ఎందుకు తిరుగుతాయో మాత్రం తెలుసుకోండి.

యాభై కిలోల అమ్మాయి ఒంట్లో సుమారు మూడున్నర లీటర్ల రక్తం ఉంటుంది. తీసేది 350 మిల్లీలీటర్లు, అంటే పదో వంతు. 45 కిలోల లోపు బరువుంటే అసలు తీసుకోరు. తగ్గిన ద్రవం ఒకట్రెండు రోజుల్లో నిండుతుంది. ఎర్రకణాలకు వారాలు, ఐరన్‌కు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. అందుకే మళ్లీ ఇవ్వాలంటే మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి.

మరి అంతమాత్రానికే కళ్లెందుకు తిరుగుతాయి? సూది గుచ్చకముందే, పక్క మంచం మీది బ్యాగు చూసి తూలేవాళ్లున్నారు. వాళ్ల ఒంట్లోంచి చుక్క కూడా పోలేదు! భయపడినప్పుడు నరాలు చేసే పని అది. గుండె వేగం తగ్గుతుంది, రక్తనాళాలు వదులవుతాయి, బీపీ పడిపోతుంది, మెదడుకు చేరే రక్తం కాసేపు తగ్గుతుంది.

ఇదే అమ్మాయి పొద్దున ఏమీ తినకుండా, రాత్రి సరిగా నిద్రపోకుండా వచ్చిందనుకోండి. రక్తం ఇచ్చేటప్పుడు బాగానే ఉంది. క్లాసుకు టైమైందని చటుక్కున లేచి మెట్లెక్కింది. ఆవులింతలు, నుదుట చెమట, వికారం మొదలయ్యాయి. ఒళ్లు ముందుగా చెప్పే గుర్తులివి. అవి కనబడగానే ఎక్కడుంటే అక్కడే పడుకుని కాళ్లు ఎత్తి పెడితే చాలామందికి కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. సిగ్గుపడి గోడ పట్టుకుని నిలబడితేనే పడి దెబ్బ తగులుతుంది. కాబట్టి టిఫిన్ తినండి, ఇచ్చే ముందు అర లీటరు నీళ్లు తాగండి, మంచం మీద కాళ్ల కండరాలు బిగించి వదులుతూ ఉండండి. ఇచ్చాక పావుగంట కూర్చోండి. వెంటనే బండి నడపొద్దు.

సూదితో జబ్బులొస్తాయన్న భయం వదిలేయండి. బ్యాగుకు తయారీలోనే అతికి వచ్చే కొత్త సూది అది. మీ తర్వాత ఎవరికీ వాడరు, చెత్తలోకే.

కొందరిని వెనక్కి పంపుతారు. హిమోగ్లోబిన్ 12.5 లేకపోతే తీసుకోరు. అది అవమానం కాదు, డాక్టర్‌కు చూపించుకోవడానికి దొరికిన కారణం. ఈమధ్య టాటూ వేయించుకున్నవాళ్లూ సంవత్సరం ఆగాలి.

చివరిగా, ఫారంలోని ప్రశ్నలకు స్నేహితులు పక్కనున్నారని అబద్ధం రాయకండి. ప్రతి బ్యాగునూ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియాలకు పరీక్షిస్తారు. అయినా ఇన్ఫెక్షన్ సోకిన తొలి రోజుల్లో పరీక్షకు అందకపోవచ్చు. ఏదైనా దాచినట్టు ఇంటికెళ్లాక అనిపిస్తే బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేయండి. ఎవరికైనా ఎక్కించేలోపు తెలిస్తే బ్యాగు పక్కన పెడతారు.