యురేనియం చుట్టూ తిరిగి యురేనియమే

కడప జిల్లా తుమ్మలపల్లె గనిలోంచి పైకి వచ్చే రాయిలో యురేనియం ఒంటరిగా ఉండదు. దాని సంతానమంతా వెంటే ఉంటుంది. రాయి కదలకుండా పడి ఉన్నా, అందులోని యురేనియం-238 పరమాణువులు యుగాలుగా ఒక్కొక్కటే విచ్ఛిన్నమై వేరే మూలకాలుగా మారుతూనే ఉన్నాయి. ఏది ఏదిగా మారిందో కాగితం మీద తేల్చడానికి ఆవర్తన పట్టిక దగ్గరుండి, కూడికలూ తీసివేతలూ వస్తే చాలు.

కేంద్రకాన్ని రాసేటప్పుడు మూలకం గుర్తుకు ఎడమ పక్క రెండు అంకెలు వేస్తారు. పైన ఉండేది ద్రవ్యరాశి సంఖ్య, అంటే ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపి ఎన్ని ఉన్నాయో ఆ లెక్క. కింద ఉండేది పరమాణు సంఖ్య. మూలకానికి పేరు నిర్ణయించేది ఈ కింది అంకే: 92 అయితే యురేనియం, 90 అయితే థోరియం, మరో మాటే లేదు. సమీకరణంలో బాణానికి ఇటు ఉన్న పై అంకెల మొత్తం అటు మొత్తంతో సరిపోవాలి. కింది అంకెలూ అంతే.

ఆల్ఫా కణమంటే హీలియం కేంద్రకం. రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు. యురేనియం-238 దాన్ని బయటికి నెట్టేస్తే పైన నాలుగు, కింద రెండు తగ్గుతాయి.

²³⁸₉₂U → ²³⁴₉₀Th + ⁴₂He

మిగిలింది థోరియం-234. విద్యార్థులు తడబడేది ఇక్కడ కాదు, తర్వాతి మెట్టులో. థోరియం-234 బీటా కణాన్ని, అంటే ఎలక్ట్రాన్‌ను విడుస్తుంది. ఏదో పోయింది కాబట్టి కింది అంకె తగ్గి 89 అవుతుందని చాలామంది రాసేస్తారు. ఎలక్ట్రాన్ ఆవేశం మైనస్ ఒకటి కదా! 90లోంచి మైనస్ ఒకటి తీసేస్తే 91 వస్తుంది.

²³⁴₉₀Th → ²³⁴₉₁Pa + ⁰₋₁e

కేంద్రకం లోపల జరిగిందేమిటో చూస్తే ఇందులో వింతేమీ లేదు. ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారింది. ఆ మార్పులో పుట్టిన ఎలక్ట్రాన్ బయటికి దూకింది. మొత్తం కణాలు 234 అలాగే ఉన్నాయి, ప్రోటాన్ ఒకటి పెరిగింది. ఎలక్ట్రాన్‌తోపాటు యాంటీన్యూట్రినో కూడా వెళ్లిపోతుంది గానీ, దానికి ఆవేశమూ ద్రవ్యరాశి సంఖ్యా రెండూ సున్నాయే కాబట్టి లెక్క మారదు.

ఇలా పుట్టిన ప్రొటాక్టీనియం-234 మరో బీటాను విడిస్తే కింది అంకె 92కు చేరుతుంది. అంటే మళ్లీ యురేనియమే! కాకపోతే పై అంకె 234. ఒక ఆల్ఫా, రెండు బీటాలతో మొదలైన మూలకానికే తిరిగి వస్తామని, ద్రవ్యరాశిలో మాత్రం నాలుగు తక్కువవుతామని ఎవరూ బట్టీ పట్టనక్కర్లేదు.

ఈ గొలుసు చివరికి సీసం-206 దగ్గర ఆగుతుంది. మధ్యలో ఏమేం వచ్చాయో తెలియకపోయినా ఆల్ఫాలెన్నో బీటాలెన్నో చెప్పేయొచ్చు. పై అంకెను తగ్గించేది ఆల్ఫా ఒక్కటే. 238 నుంచి 206కు తేడా 32, కాబట్టి ఆల్ఫాలు ఎనిమిది. అవి కింది అంకెను 16 తగ్గించి 76కు దించుతాయి. సీసానిది 82. ఆ లోటు పూడ్చడానికి ఆరు బీటాలు కావాలి.

పాజిట్రాన్ లెక్క బీటాకు సరిగ్గా తలకిందులు. దాని ఆవేశం ప్లస్ ఒకటి. ఒక ప్రోటాన్ న్యూట్రాన్‌గా మారుతుంది కాబట్టి కింది అంకె ఒకటి తగ్గుతుంది, పై అంకె కదలదు. క్యాన్సర్ ఆసుపత్రుల్లో పెట్ స్కాన్‌కు వాడే ఫ్లోరిన్-18 దీనికి మంచి ఉదాహరణ.

¹⁸₉F → ¹⁸₈O + ⁰₊₁e

దీని అర్ధాయువు దాదాపు 110 నిమిషాలు. సైక్లోట్రాన్‌లో దీన్ని తయారుచేసే పద్ధతి ఇంకా సరదాగా ఉంటుంది. ఆక్సిజన్-18 ఎక్కువగా ఉన్న నీటిని ప్రోటాన్లతో కొడతారు. ప్రోటాన్ లోపలికి వెళ్లి న్యూట్రాన్ బయటికి వస్తే ఫ్లోరిన్-18 పుడుతుంది. అది రోగి ఒంట్లో పాజిట్రాన్‌ను విడిచి మళ్లీ ఆక్సిజన్-18 అయిపోతుంది. యురేనియంలా ద్రవ్యరాశి తగ్గడం కూడా లేదు. అచ్చం బయల్దేరిన కేంద్రకమే.

అయితే అంకెలు కుదిరినంత మాత్రాన ఆ మార్పు ప్రకృతిలో జరిగి తీరాలనేమీ లేదు. కార్బన్-12 పాజిట్రాన్‌ను విడిచి బోరాన్-12 అయిందని కాగితం మీద రాస్తే పైనా కిందా రెండూ సరిపోతాయి. కానీ బోరాన్-12 బరువు కార్బన్-12 కంటే ఎక్కువ. అందుకు కావలసిన శక్తి ఎక్కడి నుంచి రాదు గనక అది జరగదు. పొటాషియం-40 విషయంలో సంకటం మరో రకం: ఒకటికి మించి దారులున్నాయి, అన్నీ సరిగ్గానే కుదురుతాయి. నూటికి 89 సార్లు అది బీటాను విడిచి కాల్షియం-40 అవుతుంది. మిగతావాటిలో దాదాపు అన్నిసార్లూ కేంద్రకం తన చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్‌నే లోపలికి లాక్కుని ఆర్గాన్-40 అవుతుంది. అప్పుడు ఎలక్ట్రాన్‌ను బాణానికి ఎడమ పక్కన రాయాలి. ఏ దారి ఎన్నిసార్లన్నది మాత్రం కొలిచి తెలుసుకోవలసిందే.